మిషన్‌తో పాటు ఫ్రీ సర్వీసు ఇస్తే, ఆ ధరలో సర్వీసు వాటా ఎంత?

ప్రశ్న: సర్, మాది మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కలర్ సార్టర్లు అమ్మే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నేను అందులో అకౌంటెంట్‌ని. మిషన్ ధర జీఎస్టీ కాకుండా రూ.22,50,000. 2024 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు సీజన్ స్కీమ్ పెట్టి, అదే ధరకు రెండేళ్లు సర్వీసు ఫ్రీ అన్నాం. బిల్లులో మిషన్ ఒక్క లైనే ఉంది. ఒక లిస్టెడ్ కంపెనీ మా కంపెనీని కొనడంతో ఇప్పుడు మేం ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు పాటించాలి. మొత్తం ధర ఈ ఏడాది అమ్మకంగా చూపించకూడదు, సర్వీసు వాటా విడదీయాలి అని ఆడిటర్ అంటున్నారు. ఫ్రీగా ఇచ్చిన దానికి ధర ఎక్కడిది అని మా ఎండీ గారు అడుగుతున్నారు. విడిగా అమ్మే ఏడాది సర్వీసు కాంట్రాక్ట్ ధర మా ప్రైస్ లిస్టులో రూ.1,50,000. ఎంత విడదీయాలి? పుస్తకాల్లో ఎలా రాయాలి? మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఆడిటర్ చెప్పిందే సరైనది. కానీ ప్రైస్ లిస్టులోని లక్షన్నరను రెండుతో గుణించి, మూడు లక్షలు పక్కన పెట్టేస్తే మాత్రం తప్పవుతుంది. సరైన అంకె ఎలా వస్తుందో చెబుతాను. దానికి ముందు మీ ఎండీ గారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆయన ఒప్పుకోకపోతే మీరు రాసిన ఎంట్రీ ప్రతి ఏడాదీ గొడవే అవుతుంది.

మీ సర్వీసు ఇంజనీర్ మిల్లుకు వెళ్లినప్పుడు ఒకసారి వెంట వెళ్లి చూడండి. బియ్యం పైనుంచి చ్యూట్‌లలో జారుతూ కెమెరాల ముందు నుంచి పడుతుంటాయి. నల్ల గింజ కనబడగానే ఎజెక్టర్ గాలి ఊది దాన్ని పక్కకు తోస్తుంది. కెమెరా ముందున్న అద్దం మీద తవుడు దుమ్ము పేరుకుంటే మంచి గింజ కూడా రిజెక్షన్‌లోకి పోతుంది. కంప్రెసర్ గాలిలో తేమ, నూనె ఉంటే ఎజెక్టర్లు బిగుసుకుపోతాయి. ఇంజనీర్ వచ్చి అద్దాలు, వైపర్లు శుభ్రం చేస్తాడు. ఫిల్టర్లు చూస్తాడు, ఎజెక్టర్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు, ఆ సీజన్ బియ్యానికి తగ్గట్టు సెన్సిటివిటీ మళ్లీ సెట్ చేస్తాడు. సీజన్ మధ్యలో మిషన్ ఆగిపోతే ఫోన్ చేసిన రోజే రావాలి. మిల్లు యజమాని మీ స్కీమ్‌కు మొగ్గు చూపింది ఈ భరోసా కోసమే. అంటే ఆయన ఇచ్చిన 22,50,000లో రెండు కొనుగోళ్లు ఉన్నాయి: ఒకటి మిషన్, రెండోది రెండేళ్ల పాటు మీ మనిషి వచ్చి చూస్తాడన్న మాట. మొదటిది డెలివరీతో అయిపోయింది. రెండోది మీరు ఇంకా చేయాల్సి ఉంది. చేయని పనికి ఆదాయం ఈ ఏడాది రాయకూడదన్నదే ఆడిటర్ మాట.

'ఫ్రీ' అన్నది అమ్మకంలో వాడే మాట. అదే సర్వీసును ఇంకో మిల్లుకు డబ్బులు తీసుకుని అమ్ముతున్నారు కాబట్టి దానికి ధర ఉంది. ఆ ధరను బిల్లులో విడిగా చూపలేదు, అంతే. ఆదాయం ఎలా రాయాలో చెప్పే ప్రమాణం ఇండ్ ఏఎస్ 115 ఇక్కడ రెండు విషయాలు చూస్తుంది. కొన్నవాడు ఆ వస్తువును విడిగా, లేదా బయట సులభంగా దొరికే వాటితో కలిపి వాడుకోగలడా అన్నది మొదటిది. ఒప్పందంలో మీరిచ్చిన ఆ రెండు మాటలూ ఒకదానితో ఒకటి విడదీయలేనంతగా కలిసిపోయాయా అన్నది రెండోది. మీ సర్వీసు లేకపోయినా మిషన్ నడుస్తుంది. సొంత మెకానిక్‌ను పెట్టుకున్న మిల్లులూ ఉన్నాయి. సర్వీసు వల్ల మిషన్ వేరే వస్తువుగా మారదు కూడా. కాబట్టి ఇవి రెండు వేర్వేరు బాధ్యతలు. ధరను రెండింటికీ పంచాల్సిందే.

ఇక్కడే చాలామంది వారంటీని, సర్వీసును కలిపేస్తారు. మిషన్‌కు తయారీ లోపాల మీద ఏడాది వారంటీ ఉంటే దాన్ని విడదీయకూడదు. కెమెరా బోర్డు మూడో నెలలో కాలిపోతే మార్చి ఇవ్వడమంటే, అమ్మిన వస్తువు చెప్పినట్టు పనిచేస్తుందన్న హామీని నిలబెట్టుకోవడం. అందులో కొత్తగా ఇచ్చే సేవ ఏదీ లేదు. దానికి అయ్యే ఖర్చు మీరే భరించాల్సి ఉంటే అంచనా వేసి ఇండ్ ఏఎస్ 37 కింద ప్రొవిజన్ పెడతారు, ఆదాయాన్ని ముట్టుకోరు. లోపం లేకపోయినా మూడు నెలలకోసారి వచ్చి శుభ్రం చేసి సెట్ చేయడం మాత్రం అదనపు సేవ. ఇందుకు ఆదాయంలో వాటా కావాలి. మీ స్కీమ్ కాగితం తీసి చదవండి. అందులో 'రెండేళ్లు ఫ్రీ సర్వీసు, వారంటీ' అని ఒకే వాక్యంలో రాసి ఉంటే, ఏ పని వారంటీలోకి వస్తుంది, ఏది సర్వీసులోకి వస్తుంది అని సర్వీసు మేనేజర్‌ను కూర్చోబెట్టి విడగొట్టి రాయించండి. ఆడిటర్ మొదట అడిగేది ఆ కాగితమే.

ఇప్పుడు ధరల దగ్గరకు వద్దాం. పంచడానికి కావలసింది రెండు విడి ధరలు: అదే సమయంలో, అలాంటి కొనుగోలుదారుకు మిషన్ ఒక్కటే అమ్మితే ఎంతకు అమ్మేవారు, సర్వీసు ఒక్కటే అమ్మితే ఎంతకు అమ్మేవారు. ఒప్పందం కుదిరిన రోజున ఉన్న ధరలే లెక్క. వచ్చే ఏడాది మీరు సర్వీసు ధర పెంచినా ఈ పంపకాన్ని మళ్లీ తిరగరాయరు.

మిషన్ విడి ధర కోసం స్కీమ్‌కు ముందు, తర్వాత కొన్ని నెలల బిల్లులు తీయండి. సర్వీసు లేకుండా అమ్మిన మిషన్లు అప్పుడు నిజంగా 22,50,000కే పోయాయా, లేక బేరం చేసి తగ్గించారా చూడాలి. క్రెడిట్ నోట్లు కూడా వెతకండి. బిల్లు 22,50,000కు వేసి, నెల తర్వాత 50,000 క్రెడిట్ నోట్ ఇచ్చి ఉంటే ఆ మిషన్ అసలు ధర 22,00,000. మీ విషయంలో 22,50,000 నిలబడుతుందనుకుని లెక్క చూపిస్తాను.

సర్వీసు దగ్గర ప్రైస్ లిస్టును నమ్మవద్దు. లిస్టులోని లక్షన్నర బేరం మొదలుపెట్టే అంకె. మీరు ఏడాది కాంట్రాక్టులు నిజంగా ఎంతకు రాశారో ఆ బిల్లులు ముందు వేసుకోండి. ఎక్కువ భాగం 1,20,000కూ 1,30,000కూ మధ్య ఉన్నాయనుకుందాం. అప్పుడు 1,25,000 తీసుకోవడం న్యాయం. రెండేళ్లకు 2,50,000. కానీ దీనికి ముందు ఒక తేడా చూసుకోవాలి. విడిగా కాంట్రాక్ట్ తీసుకునేవి ఎక్కువగా నాలుగైదేళ్ల పాత మిషన్లు. వాటికి విడిభాగాలతో కలిపి రాసిన కాంట్రాక్ట్ ధరను, విడిభాగాలు లేని మీ ఫ్రీ సర్వీసుకు తగిలిస్తే సర్వీసు వాటా ఉబ్బిపోతుంది. లేబర్ మాత్రమే ఉన్న కాంట్రాక్టులనే ఏరుకోండి. ఫ్రీ సర్వీసులో విజిట్లు ఎన్నో, వాటిలోనూ అన్నే ఉండాలి.

సరిపోలే బిల్లులు మీ దగ్గర నాలుగైదే ఉంటే, ఖర్చు వైపు నుంచి కూడా ఒకసారి సరిచూసుకోండి. ఏడాదిలో ముందే అనుకున్న విజిట్లు నాలుగు, ఒక్కోటి రెండు రోజులు. మిషన్ ఆగినప్పుడు పరుగెత్తేవి ఆరనుకుంటే, ఒక్కోటి ఒక రోజు. మొత్తం 14 ఇంజనీర్ రోజులు. జీతం, పీఎఫ్ అన్నీ కలిపి రోజుకు 4,000 పడితే 56,000. పది ప్రయాణాలకు బండి, బస, భోజనం రెండేసి వేలు చొప్పున 20,000. ఫోన్‌లో సాయం చేసే మనిషి, టెస్టింగ్ పరికరాల వాటా 14,000. ఖర్చు 90,000 తేలింది. మీ సర్వీసు విభాగానికి మామూలుగా అమ్మకంలో 28 శాతం మిగులుతుంటే ధర 1,25,000 అవుతుంది. రెండు దారుల్లోనూ దాదాపు ఒకే అంకె వస్తే ఆడిటర్ ముందు నిశ్చింతగా కూర్చోవచ్చు. ఈ ఖర్చులు నేను ఉదాహరణకు వేసినవి. మీవి మీ సర్వీసు రిజిస్టర్‌లోనూ, ఇంజనీర్ల ట్రావెల్ బిల్లుల్లోనూ దొరుకుతాయి. రెండు దారుల మధ్య తేడా బాగా ఎక్కువగా వస్తే, సాధారణంగా బ్రేక్‌డౌన్ కాల్స్‌ను తక్కువగా లెక్కేసి ఉంటారు.

ఇక పంపకం. మిషన్ 22,50,000, సర్వీసు 2,50,000, విడివిడిగా కొంటే మొత్తం 25,00,000. మిల్లు యజమాని ఇచ్చింది 22,50,000. అంటే విడి ధరల మొత్తంలో 90 శాతం. ప్రతి దాన్నీ 90 శాతానికి తగ్గించండి. మిషన్ వాటా 20,25,000. సర్వీసు వాటా 2,25,000. రెండూ కలిపితే మళ్లీ 22,50,000. ఫార్ములా ఇంతే. మిషన్ మోడల్ మారినా, బేరం మారినా ఇదే లెక్క.

మీ ఎండీ గారు ఇక్కడ అడిగే ప్రశ్న నాకు తెలుసు. 'తగ్గింపు ఇచ్చింది సర్వీసు మీద కదా, మిషన్ మీద రూపాయి తగ్గించలేదు. కాబట్టి 2,50,000 తగ్గింపంతా సర్వీసుకే వేసి, మిషన్‌ను 22,50,000 దగ్గరే ఉంచు' అంటారు. అలా చేస్తే సర్వీసు వాటా సున్నా అవుతుంది, మళ్లీ మొదటికే వస్తాం. తగ్గింపు ఫలానా వస్తువుదేనని నిరూపిస్తే దానికే వేయడానికి ప్రమాణం ఒక మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ మినహాయింపుకు షరతులు గట్టివి. కలిపి అమ్మే కట్టలోని ప్రతి వస్తువునూ మామూలుగా విడివిడిగా అమ్ముతుండాలి. ఆ కట్టలోని కొన్నింటిని కలిపి చిన్న కట్టగా కూడా తగ్గింపుతో అమ్ముతుండాలి. ఆ చిన్న కట్ట మీది తగ్గింపు, పెద్ద కట్ట మీది తగ్గింపు దాదాపు ఒకటే కావాలి. వస్తువులు రెండే ఉన్న చోట ఇది కుదిరే సందర్భం దాదాపు ఉండదు. అందుకే మీకు దామాషా పంపకం తప్పదు.

దీనికి వ్యతిరేక దిశలో చేసే తప్పు ఇంకోటి ఉంది. మొత్తంలోంచి సర్వీసు పూర్తి విడి ధర 2,50,000 తీసేసి, మిగిలిన 20,00,000 మిషన్‌కు వేయడం. 'మిగిలినది ఇంకోదానికి' అనే ఈ పద్ధతిని ప్రమాణం ఒప్పుకునేది ఒక్క చోటే: మిగులు వేస్తున్న ఆ వస్తువు ధర కొనేవాడిని బట్టి విపరీతంగా మారుతున్నప్పుడు, లేదా ఆ వస్తువుకు ఇంకా ధరే నిర్ణయించక, ఎప్పుడూ విడిగా అమ్మకుండా కూడా ఉన్నప్పుడు. మీ మిషన్‌కు స్థిరమైన ధర ఉంది. కాబట్టి అది మీకు వర్తించదు. ఒక్క మిషన్ మీద తేడా 25,000 అవుతుంది. స్కీమ్‌లో అమ్మిన అన్ని మిషన్ల మీదా లెక్క వేస్తే అంకె పెద్దదే.

బిల్లులో సర్వీసు లైను ఒకటి పెట్టి పక్కన ఒక రూపాయి రాస్తే గొడవ పోతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. పోదు. బిల్లు మీద రాసిన అంకె, నిజమైన విడి ధర ఒకటి కావాలని లేదు. ఒప్పందంలో రాసిన ధరను విడి ధరగా కళ్లు మూసుకుని తీసుకోవద్దని ప్రమాణమే చెబుతోంది. ఏడాదికి 1,25,000కు అమ్మే సర్వీసుకు రూపాయి రాస్తే ఆడిటర్ ఆ లైను మీద వేలు పెట్టి అడుగుతారు.

సర్వీసు వాటా 2,25,000ను ఎప్పుడెప్పుడు ఆదాయంగా రాయాలన్నది మీ ఒప్పందంలోని మాటల మీద ఆధారపడి ఉంటుంది. విజిట్లతో పాటు, ఎప్పుడు పిలిచినా వస్తామని ఉంటే, మీరు రెండేళ్లూ సిద్ధంగా ఉండటమే సేవ. అప్పుడు నెలలకు సమానంగా పంచడం సబబు. 24 నెలలు కాబట్టి నెలకు 9,375. ఒక మిల్లులో 2024 డిసెంబర్ 1న ట్రయల్ రన్ అయ్యి, యజమాని సంతకం పెట్టి, ఆ రోజే సర్వీసు మొదలైందనుకుందాం. మార్చి 31 నాటికి నాలుగు నెలలు గడిచాయి కాబట్టి 37,500 ఆదాయం. 2025-26లో 1,12,500. 2026-27లో నవంబర్ 30 వరకు ఉన్న ఎనిమిది నెలలకు 75,000. దీంతో 2,25,000 పూర్తవుతుంది.

అలా కాకుండా, రెండేళ్లలో ఎనిమిది విజిట్లు మాత్రమే, మధ్యలో పిలిస్తే డబ్బులు వేరుగా అని ఉంటే విజిట్ విజిట్‌కూ రాయాలి. ఒక్కోదానికి 28,125. రైస్ మిల్లుల్లో విజిట్లు ఖరీఫ్, రబీ ధాన్యం వచ్చే నెలల చుట్టూ గుమిగూడతాయి. కాబట్టి ఈ రెండు పద్ధతులకూ మార్చి 31 నాటి అంకె బాగా మారుతుంది. డిసెంబర్ నుంచి మార్చి లోపు రెండు విజిట్లు అయిపోతే 56,250 రాయాల్సి వస్తుంది. నెలల పద్ధతిలో వచ్చిన 37,500తో పోల్చి చూడండి. ఏది మనకు అనుకూలమో అది ఎంచుకునే స్వేచ్ఛ లేదు, ఒప్పందంలో ఏం మాట ఇచ్చారో అదే నిర్ణయిస్తుంది. మీ స్కీమ్ కాగితంలో బ్రేక్‌డౌన్ కాల్స్ గురించి ఏమీ రాయకుండా, నోటిమాటగా వెళ్తుంటే, ఆ అలవాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలా వస్తారని మిల్లు వాళ్లు నమ్మే పరిస్థితి మీరు కల్పించి ఉంటే, అది కూడా ఇచ్చిన మాటే.

ఇక ట్యాలీలో ఎంట్రీలు. బిల్లు ఒకే లైనులో ఉన్నా ఫరవాలేదు, వాల్యూ మార్చనక్కర్లేదు. బిల్లు వేసినప్పుడు పార్టీ ఖాతా డెబిట్ 26,55,000, అమ్మకం క్రెడిట్ 22,50,000, జీఎస్టీ క్రెడిట్ 4,05,000 మామూలుగానే పడనివ్వండి. ఆ వెంటనే ఒక జర్నల్: అమ్మకం డెబిట్ 2,25,000, 'ముందే అందిన సర్వీసు ఆదాయం' క్రెడిట్ 2,25,000. ఈ రెండో ఖాతాను లయబిలిటీల గ్రూపులో తెరవాలి. ప్రతి నెలాఖరున ఇంకో జర్నల్: ఆ ఖాతా డెబిట్ 9,375, సర్వీసు ఆదాయం క్రెడిట్ 9,375. మిషన్లు ఎక్కువగా ఉంటే ట్యాలీలో ఒక్కోదానికి ఎంట్రీ వేయకండి. ఎక్సెల్‌లో మిషన్ సీరియల్ నంబర్, ట్రయల్ రన్ తేదీ, సర్వీసు వాటా, గడిచిన నెలలు, మిగిలినది అని ఒక వరుస పెట్టుకుని, నెలకు ఒకే మొత్తం జర్నల్ వేయండి. ఆ షీట్ మొత్తం, ట్యాలీ ఖాతా నిల్వ ప్రతి నెలా కలవాలి. కలవకపోతే, ట్రయల్ రన్ తేదీ బదులు బిల్లు తేదీ వేసిన మిషన్ ఏదైనా ఉందేమో ముందు చూడండి. నేను చూసిన తేడాల్లో ఎక్కువ అక్కడే దొరికాయి.

మార్చి 31న ఈ ఒక్క మిషన్ తాలూకు 1,87,500 మిగిలి ఉంటుంది. బ్యాలెన్స్ షీట్‌లో దీన్ని కాంట్రాక్ట్ లయబిలిటీ అంటారు. అందులో వచ్చే 12 నెలల్లో ఆదాయం అయ్యే 1,12,500 కరెంట్ కింద, మిగతా 75,000 నాన్ కరెంట్ కింద వస్తాయి. నోట్స్‌లో ఇంకా చేయాల్సిన సేవ విలువ ఎంత, అది ఏ ఏళ్లలో ఆదాయం అవుతుంది అని కూడా చెప్పాలి. ఏడాది లోపు ముగిసే ఒప్పందాలకు ఆ వివరం ఇవ్వకపోయినా సరిపోతుంది గానీ, మీది రెండేళ్లది కాబట్టి ఆ సడలింపు లేదు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నేను చేసిన పొరపాటు. చాలా ఏళ్ల క్రితం ఒక పంపుసెట్ల డీలర్ లెక్కలు చూస్తున్నప్పుడు, అప్పటి పద్ధతిలో అమ్మకం మొత్తం చూపించి, ఫ్రీ సర్వీసుకు అయ్యే ఖర్చును అంచనా వేసి ప్రొవిజన్ పెట్టేవాళ్లం. తర్వాత ఆదాయం విడదీసే పద్ధతికి మారినప్పుడు పాత ప్రొవిజన్ టెంప్లేట్‌ను తీసేయడం మర్చిపోయాం. ఆదాయంలోంచి సర్వీసు వాటా పక్కన పెట్టాం, దాని మీద ఖర్చు ప్రొవిజన్ కూడా పెట్టాం. ఒకే సర్వీసు కారణంగా లాభం రెండుసార్లు తగ్గింది. ఆ ఏడాది లాభం తగ్గిందని బ్యాంకు లిమిట్ పెంచడానికి నిరాకరించింది. కారణం దొరకడానికి నాకు వారం పట్టింది. మీ పాత టెంప్లేట్లలో 'ఫ్రీ సర్వీస్ ప్రొవిజన్' అని ఏదైనా ఉంటే ఇవాళే వెతికి ఆపండి. ఆదాయాన్ని వాయిదా వేశాక ఇంజనీర్ జీతం, ప్రయాణం ఖర్చు అయిన నెలలోనే ఖర్చుగా రాస్తే చాలు. దాని పక్కనే 9,375 ఆదాయం వస్తుంది కాబట్టి సర్వీసు విభాగం నిజంగా లాభంలో ఉందో లేదో ప్రతి నెలా కనబడుతుంది. వారంటీ ప్రొవిజన్ మాత్రం వేరే విషయం, అది ఉండాల్సిందే.

జీఎస్టీ మీద ఈ పంపకం ప్రభావం లేదు. ఒకే ధరకు మిషన్, దానికి అనుబంధంగా సర్వీసు కలిపి సహజంగా అమ్మే చోట అది కాంపోజిట్ సప్లై, అందులో ప్రధానమైనది మిషన్. మొత్తం 22,50,000 మీద మిషన్ రేటు పడుతుంది, మొత్తం పన్ను బిల్లు వేసినప్పుడే కట్టాలి. ధాన్యం శుభ్రం చేసే, గ్రేడ్ చేసే ఈ తరగతి మిషన్లకు 2022 జూలై 18 నుంచి 5 శాతం పోయి 18 శాతం వచ్చింది. సర్వీసుకూ 18 శాతమే కాబట్టి మీ స్కీమ్ కాలంలో రేటు తగాదా రాదు. సర్వీసు ఆదాయాన్ని రెండేళ్లలో రాస్తున్నాం కదా, పన్ను కూడా విడతలుగా కడదాం అనుకోవద్దు. పుస్తకాల్లో అమ్మకం 20,62,500, జీఎస్టీ రిటర్నుల్లో 22,50,000. ఈ 1,87,500 తేడా వార్షిక సరిపోలికలో కనబడుతుంది. టర్నోవర్ 5 కోట్లు దాటి జీఎస్టీఆర్ 9సీ ఇవ్వాల్సి ఉంటే అక్కడ ఈ తేడాకు కారణం రాయాలి. పైన చెప్పిన ఎక్సెల్ షీట్ అక్కడ కూడా మీ ఆధారం. వచ్చే ఏడాది ఇదే తేడా వ్యతిరేక దిశలో వస్తుంది: బిల్లు లేకుండానే పుస్తకాల్లో 1,12,500 సర్వీసు ఆదాయం కనబడుతుంది. దానికి మళ్లీ పన్ను కట్టమని ఎవరైనా అడిగితే, మొదటి బిల్లు చూపించండి.

ఎండీ గారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక అంకె ముందే చెప్పండి. ఈ ఏడాది ఒక్కో మిషన్ మీద తగ్గేది గరిష్ఠంగా సర్వీసు వాటాలో మిగిలిన భాగమే, మన ఉదాహరణలో 1,87,500. అది పోయిన డబ్బు కాదు, ఇప్పటికే బ్యాంకులో ఉంది, వచ్చే రెండేళ్ల పుస్తకాల్లో ఆదాయంగా వస్తుంది. ఇండ్ ఏఎస్ పరిధిలో లేని కంపెనీ వాళ్లు ఏఎస్ 9 పాటిస్తారు. అందులో ఇంత వివరమైన పంపకం నియమాలు లేవు గానీ, సేవ కొంత కాలం పాటు ఇన్ని అని ముందే చెప్పలేని పనులుగా జరిగేటప్పుడు ఆ కాలానికి సమానంగా ఆదాయం రాయాలన్న మాట అక్కడా ఉంది. అంటే మీ పోటీ డీలర్ మొత్తం ఈ ఏడాదే చూపిస్తున్నాడన్నది వాదన కాదు.

చివరగా, మధ్యలో మిల్లు యజమాని ఫోన్ చేసి 'నా దగ్గర సొంత మెకానిక్ ఉన్నాడు, మిగిలిన సర్వీసు వద్దు' అంటే ఏం చేయాలో ముందే అనుకోండి. డబ్బు వాపసు లేకుండా, ఇద్దరూ రాతపూర్వకంగా సర్వీసును రద్దు చేసుకుంటే, మీకు ఇంకే బాధ్యతా లేదు కాబట్టి ఆ రోజున మిగిలిన లయబిలిటీని ఆదాయంలోకి తీసుకోవచ్చు. ఆయన వద్దని నోటితో అని, రేపు మిషన్ ఆగితే మళ్లీ పిలిచే అవకాశం ఉంటే తీసుకోకూడదు, నెలకు 9,375 చొప్పునే సాగనివ్వాలి. అందుకే రద్దుకు ఒక చిన్న కాగితం తయారుచేసి, మిషన్ సీరియల్ నంబర్‌తో సంతకం తీసుకునేలా సర్వీసు మేనేజర్‌కు ఇప్పుడే ఇచ్చి పెట్టండి.